రెపో రేటు తగ్గింది సరే, మీ ఇంటి అప్పు వాయిదా దాకా అది ఎప్పుడు చేరుతుంది? ఎంత చేరుతుంది?

రిజర్వ్ బ్యాంకు రెండు నెలలకోసారి ద్రవ్య పరపతి విధానాన్ని ప్రకటిస్తుంది. తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, ఎంతో అందులో చెబుతుంది. ఆ రోజు ఉదయం పది గంటలకు గవర్నర్ మాట్లాడటం మొదలుపెడతారు, పది నిమిషాల్లో టీవీల్లో "గృహ రుణాలు ఇక చౌక" అనే స్క్రోలింగ్ మొదలవుతుంది. అప్పు కట్టేవాళ్లు మరుసటి నెల ఖాతా చూసుకుంటే అదే ఈఎంఐ కట్ అయి ఉంటుంది. బ్యాంకు మోసం చేసిందేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు మోసమేమీ ఉండదు. కొన్నిసార్లు మాత్రం అడగకపోవడం వల్ల మనకు రావలసింది నిజంగానే రాకుండా పోతుంది. రెండింటినీ వేరు చేసి చూడాలంటే ప్రకటన నుంచి వాయిదా వరకు ఉన్న దారి తెలియాలి.

ఇందుకు 2025 జూన్ 6 నాటి ప్రకటనను తీసుకుందాం. రెపో రేటు ఒకేసారి అర శాతం తగ్గింది, ధోరణి మారింది, బ్యాంకులు తమ డిపాజిట్లలో రిజర్వ్ బ్యాంకు దగ్గర వడ్డీ లేకుండా ఉంచాల్సిన వాటా, అంటే సీఆర్‌ఆర్ కూడా తగ్గింది. ఒక్క ప్రకటనలో ఇన్ని ఉన్నాయి కాబట్టి ఏది మనకు పనికొస్తుందో, ఏది పనికిరాదో చూడటానికి ఇది బాగుంటుంది. లెక్కల కోసం ఒక ఊహాత్మక అప్పు పెట్టుకుందాం: మిగిలిన అసలు 40 లక్షలు, మిగిలిన వాయిదాలు 240, వడ్డీ 8.50 శాతం, ఈఎంఐ 34,713 రూపాయలు. రెపో 6.00 శాతానికి బ్యాంకు తన వంతుగా వేసుకునే 2.50 శాతం స్ప్రెడ్ కలిపితే వచ్చిందే ఈ 8.50.

ప్రకటనలో చదవాల్సినవి

rbi.org.in లో పత్రికా ప్రకటనల విభాగానికి వెళితే విధాన ప్రకటన రోజు మూడు పత్రాలు కనిపిస్తాయి. మొదటిది రెపో రేటు నిర్ణయించే ద్రవ్య పరపతి విధాన కమిటీ, అంటే ఎంపీసీ తీర్మానం, రెండోది గవర్నర్ ప్రసంగం, మూడోది నియంత్రణపరమైన కొత్త చర్యల జాబితా. మనకు ముఖ్యమైనది మొదటిదే. నాలుగైదు పేజీలు మించదు. ప్రసంగం పొడుగ్గా ఉన్నా, సీఆర్‌ఆర్ లాంటి నిర్ణయాలు అందులోనే ఉంటాయి కాబట్టి ఒకసారి తిరగేయాలి. ఎంపీసీ చేతిలో ఉండేది రెపో రేటు, సీఆర్‌ఆర్ ఎంత ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు సొంతంగా తీసుకునే నిర్ణయం.

జూన్ తీర్మానం మొదటి పేరాలో రెపో రేటు 50 బేసిస్ పాయింట్లు తగ్గి 5.50 శాతం అయిందని ఉంది. వంద బేసిస్ పాయింట్లు ఒక శాతం కాబట్టి 50 అంటే అర శాతం. ఆ వెంటనే ఎస్‌డీఎఫ్ 5.25 శాతం, ఎంఎస్‌ఎఫ్, బ్యాంక్ రేటు 5.75 శాతం అని మరో మూడు రేట్లు వస్తాయి. బ్యాంకులు తమ దగ్గర మిగిలిన డబ్బును రిజర్వ్ బ్యాంకులో ఒక రాత్రికి ఉంచితే దొరికేది ఎస్‌డీఎఫ్ రేటు, అత్యవసరంగా అప్పు తెచ్చుకుంటే కట్టాల్సింది ఎంఎస్‌ఎఫ్ రేటు. రెండూ రెపోకు అటో పావు, ఇటో పావు దూరంలో ఉండి దానితోపాటే కదులుతాయి. గృహ రుణదారు వీటి మీద కళ్లు పెట్టాల్సిన పని లేదు. "బ్యాంక్ రేటు" అన్న మాట చూసి అదే తమ బ్యాంకు వేసే వడ్డీ అనుకునేవాళ్లు ఉన్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు.

తర్వాత చూడాల్సింది ధోరణి. ఏప్రిల్‌లో "సర్దుబాటు ధోరణి" అన్నారు, అంటే రేట్లు తగ్గించడమో, అలాగే ఉంచడమో తప్ప పెంచే ఆలోచన లేదని. జూన్‌లో దాన్ని "తటస్థం" చేశారు, అంటే ఇకపై ఎటైనా వెళ్లవచ్చని. ఒక చేత్తో అర శాతం తగ్గించి, ఇంకో చేత్తో తలుపు దగ్గరగా వేశారన్నమాట. ఫిబ్రవరి నుంచి అప్పటికే మొత్తం ఒక శాతం తగ్గించినందున వృద్ధికి ఇంకా ఊతమివ్వడానికి తమ దగ్గర మిగిలిన వెసులుబాటు చాలా తక్కువని తీర్మానంలోనే రాశారు. హెడ్డింగు మాత్రమే చదివినవాళ్లు ఆగస్టులో మరో తగ్గింపు ఖాయమనుకున్నారు. ఈ వాక్యం చదివినవాళ్లు అనుకోలేదు. ఆగస్టులో, అక్టోబరులో రేటు కదల్లేదు.

మూడోది ఓట్లు. కమిటీలో ఆరుగురు: రిజర్వ్ బ్యాంకు తరఫున గవర్నర్‌తో కలిపి ముగ్గురు, ప్రభుత్వం నియమించిన బయటివాళ్లు ముగ్గురు. ఓట్లు సమానమైతే గవర్నర్‌కు రెండో ఓటు ఉంటుంది. జూన్‌లో ఐదుగురు అర శాతం తగ్గింపుకు, సౌగత భట్టాచార్య మాత్రం పావు శాతం తగ్గింపుకు ఓటు వేశారు. ఎవరు ఎందుకు అలా వేశారో పద్నాలుగో రోజున విడుదలయ్యే మినిట్స్‌లో ఉంటుంది. తర్వాతి అడుగు ఎటో ఊహించడానికి ప్రసంగం కన్నా ఈ మినిట్సే నమ్మదగినవి. ప్రసంగం అందరి తరఫునా ఆచితూచి రాసినది, మినిట్స్‌లో ఎవరి వాదన వాళ్లది.

నాలుగోది ద్రవ్యోల్బణం అంచనా. లక్ష్యం 4 శాతం, దానికి అటూ ఇటూ 2 శాతం దాకా మినహాయింపు. 2025-26కి జూన్‌లో 3.7 శాతం అన్నారు. ఆగస్టులో దాన్ని 3.1కి, అక్టోబరులో 2.6కి, డిసెంబరులో 2.0కి దించుకుంటూ వచ్చారు. అంచనా ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, కిందటిసారి అంచనాతో పోలిస్తేనే దిశ తెలుస్తుంది. అక్టోబరులో రేటు మార్చకపోయినా, వృద్ధికి తోడ్పడే వెసులుబాటు ఏర్పడిందని ప్రకటనలో మాట మార్చారు. డిసెంబరు 5న పావు శాతం తగ్గి రెపో 5.25 అయింది. రెండు ప్రకటనలను పక్కపక్కన పెట్టి, మారిన వాక్యాల కింద గీత గీసుకుంటే చాలు. మారని వాక్యాలకు పెద్దగా విలువ లేదు.

ఇక సీఆర్‌ఆర్. జూన్‌లో దాన్ని సెప్టెంబరు నుంచి నవంబరు వరకు నాలుగు విడతల్లో మొత్తం ఒక శాతం తగ్గించి 3 శాతానికి తెస్తామన్నారు. దీంతో బ్యాంకుల చేతికి సుమారు 2.5 లక్షల కోట్లు వస్తాయని అంచనా. రెపోతో ముడిపడిన అప్పు ఉన్నవాళ్లకు దీనివల్ల ఒక్క రూపాయి కూడా మారదు. పాత పద్ధతి అప్పులున్నవాళ్లకు మాత్రం మెల్లగా, పరోక్షంగా కొంత ఉపయోగం. అదెలాగో కింద చూద్దాం.

మొదటి గేటు: మీ అప్పు దేనికి ముడిపడి ఉంది?

శాంక్షన్ లెటర్ తీయండి. 2024 అక్టోబరు తర్వాత తీసుకున్న అప్పు అయితే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ కూడా ఇచ్చి ఉంటారు. అందులో "ఈబీఎల్ఆర్", "ఆర్‌ఎల్ఎల్ఆర్", "రెపో ఆధారిత రేటు" లాంటి మాట ఉంటే రెపో మార్పు మీకు పూర్తిగా వస్తుంది. 2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ గృహ రుణాలన్నీ ఇలా బయటి ప్రామాణికానికి కట్టి ఉండాలన్నది నిబంధన. ఎక్కువ బ్యాంకులు రెపోనే ఎంచుకున్నాయి. మూడు నెలలు లేదా ఆరు నెలల ట్రెజరీ బిల్లు రేటుకు కట్టుకునే వీలు కూడా ఉంది. ఆ కొద్దిమంది అప్పు రెపోతో సరిగ్గా అడుగులో అడుగు వేయదు.

2016 ఏప్రిల్ నుంచి 2019 సెప్టెంబరు మధ్య తీసుకుని, ఇప్పటిదాకా మార్చుకోకపోతే ఎంసీఎల్ఆర్ కింద ఉంటారు. ఇది బ్యాంకు తన సొంత నిధుల ఖర్చు చూసుకుని వేసుకునే రేటు. రెపో తగ్గిన రోజున బ్యాంకు పాత ఫిక్సెడ్ డిపాజిట్లకు వడ్డీ తగ్గించలేదు. అవి గడువు తీరి, కొత్త డిపాజిట్లు తక్కువ రేటుకు వచ్చాకే దాని ఖర్చు తగ్గుతుంది. అందుకే ఎంసీఎల్ఆర్ ఆలస్యంగా, అరకొరగా దిగుతుంది. పైన చెప్పిన సీఆర్‌ఆర్ తగ్గింపు ఈ లెక్కలోకే వస్తుంది. వడ్డీ రాని నిల్వ తగ్గితే బ్యాంకు నిధుల ఖర్చూ కొంత తగ్గుతుంది. దీనికి తోడు గృహ రుణాలకు ఎక్కువగా వాడేది ఏడాది ఎంసీఎల్ఆర్, కాబట్టి రీసెట్, అంటే మీ అప్పు రేటును కొత్త ప్రామాణికానికి తగ్గట్టు మార్చడం, కూడా ఏడాదికోసారే. 2010కి, 2016కి మధ్య తీసుకున్నవాళ్లలో ఇంకా బేస్ రేటు మీదే ఉన్నవాళ్లూ దొరుకుతారు.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు, బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలకు బయటి ప్రామాణికం తప్పనిసరి కాదు. అవి తమ ప్రైమ్ లెండింగ్ రేటు తామే నిర్ణయించుకుంటాయి. రెపో తగ్గినా వాటి రేటు వెంటనే తగ్గాలని రూలేమీ లేదు.

ఎంసీఎల్ఆర్ లేదా బేస్ రేటు మీద ఉంటే అదే బ్యాంకులో ఈబీఎల్ఆర్‌కు మారమని రాతపూర్వకంగా అడగండి. బ్రాంచిలో నోటిమాటగా అడిగితే "చూద్దాం సార్" అంటారు, ఆధారం మిగలదు. మారేముందు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: రెపో తగ్గేటప్పుడు ఎంత వేగంగా దిగుతుందో, పెరిగేటప్పుడు అంత వేగంగానే ఎక్కుతుంది.

రెండో గేటు: స్ప్రెడ్

రెపో మీద బ్యాంకు వేసుకునేదే స్ప్రెడ్. ఇది ఒకటి లేదా రెండు భాగాలుగా కనిపిస్తుంది. ఉదాహరణకు స్టేట్ బ్యాంకు ముందు రెపోకు 2.65 శాతం కలిపి తన ఈబీఎల్ఆర్ చెబుతుంది, దాని మీద అప్పు తీసుకున్న మనిషి క్రెడిట్ రిస్కును బట్టి ఇంకో ముక్క ఉంటుంది. జూన్ 6 ప్రకటన తర్వాత జూన్ 15 నుంచి ఆ ఈబీఎల్ఆర్ 8.65 నుంచి 8.15కి వచ్చింది. సరిగ్గా అర శాతం. బయటి ప్రామాణికంలో ఉన్న సుఖం అదే, తగ్గించింది ఎంతో లెక్క కుదరాలి.

మీ రిస్కు ముక్కను బ్యాంకు ఊరికే పెంచకూడదు. మీ క్రెడిట్ స్థితి గణనీయంగా దెబ్బతింటేనే, అదీ ఒప్పందంలో రాసుకున్నట్టే పెంచాలి. నిర్వహణ ఖర్చు లాంటి మిగతా భాగాలు మూడేళ్లకోసారి మారొచ్చు. 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన సవరణ ప్రకారం ఖాతాదారును నిలుపుకోవడానికి మూడేళ్లు ఆగకుండానే ఆ భాగాన్ని తగ్గించే స్వేచ్ఛ బ్యాంకులకు దొరికింది. "రూల్స్ ఒప్పుకోవండీ" అన్న జవాబు ఇక చెల్లదు. తగ్గించి తీరాలన్న రూలూ లేదు, అది బేరమే.

ఆ బేరానికి పనికొచ్చే సమాచారం ఒక్కటి: మీ బ్యాంకు ఈ రోజు మీలాంటి స్కోరు, మీలాంటి అప్పు ఉన్న కొత్త ఖాతాదారుకు ఎంతకిస్తోంది? దాని వెబ్‌సైట్లోనే ఉంటుంది. కొత్తవాళ్లకు రెపో మీద 2.25కే ఇస్తూ మీకు 2.50 వేస్తుంటే తేడా పావు శాతం. 40 లక్షల మీద మొదటి ఏడాదికి ఇది పదివేలకు కాస్త తక్కువ. మార్పిడి రుసుము పన్నుతో కలిపి ఆరు వేలంటే ఏడెనిమిది నెలల్లో తిరిగొచ్చేస్తుంది. వేరే బ్యాంకుకు మార్చుకోవడం ఇంత తేలిక కాదు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, కొత్త బ్యాంకు పేరున ఇంటి పత్రాలు తనఖా పెట్టే ఎంఓడీటీకి స్టాంపు డ్యూటీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఖర్చు అన్నీ కలుస్తాయి. అందుకే ముందు ఉన్నచోట అడగాలి. వేరే బ్యాంకు ఇచ్చిన రాతపూర్వక ఆఫర్ చేతిలో పెట్టుకుని అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

మూడో గేటు: రీసెట్ తేదీ

రెపో తగ్గింది జూన్ 6న. మీ అప్పుకు ఎప్పుడు తగ్గాలి? కనీసం మూడు నెలలకోసారి రీసెట్ చేయాలన్నదే నిబంధన. కొన్ని బ్యాంకులు ప్రకటన వచ్చిన వారం పది రోజుల్లో అందరికీ ఒకేసారి మారుస్తాయి, కొన్ని తర్వాతి నెల ఒకటో తేదీన, మరికొన్ని మీ అప్పు విడుదలైన తేదీ నుంచి మూడు నెలల లెక్కన. మీది ఏ పద్ధతో శాంక్షన్ లెటర్‌లో "రీసెట్" అన్న మాట దగ్గర ఉంటుంది.

మూడో పద్ధతి తీసుకుందాం. అప్పు మొదటి విడత ఆగస్టు 10న విడుదలైందనుకోండి. రీసెట్లు నవంబరు 10, ఫిబ్రవరి 10, మే 10, ఆగస్టు 10. జూన్ 6న తగ్గినది మీకు ఆగస్టు 10న వస్తుంది. ఆ మధ్యలో పాత లెక్కన నెలకు సుమారు 1,667 రూపాయల వడ్డీ ఎక్కువ కడతారు. ఇది తప్పు కాదు, వెనక్కి రాదు. పెరిగేటప్పుడు ఇదే ఆలస్యం మీకు కలిసొస్తుంది.

కడుతున్న ఫ్లాటుకు విడతలవారీగా అప్పు తీసుకుంటున్నవాళ్లు ఏ విడత తేదీని లెక్కలోకి తీసుకుంటారో బ్యాంకును ఈమెయిల్‌లో అడిగి పెట్టుకోవాలి. ప్రీ-ఈఎంఐ దశలో ఉంటే కడుతున్నదంతా వడ్డీయే, కాబట్టి రేటు తగ్గితే కట్టే మొత్తం నేరుగా తగ్గుతుంది.

రీసెట్ అయ్యాక సరిచూడటం ఇలా. స్టేట్‌మెంట్‌లో ఆగస్టు నెల వడ్డీ చూడండి. చాలామంది 40 లక్షలను 8 శాతంతో గుణించి పన్నెండుతో భాగించి 26,667 రావాలంటారు. స్టేట్‌మెంట్‌లో 27,671 కనిపించేసరికి వెయ్యి రూపాయలు ఎక్కువేశారని గొడవకు దిగుతారు. బ్యాంకు రోజువారీ నిల్వ మీద లెక్క కడితే, ఆగస్టులో మొదటి 9 రోజులు 8.50 చొప్పున రోజుకు 931.51, మిగతా 22 రోజులు 8 శాతం చొప్పున రోజుకు 876.71. రెండూ కలిపితే 27,671 రూపాయలే. 30 రోజుల సెప్టెంబరులో అదే అసలు మీద 26,301 వస్తుంది. ఈ లెక్కలో అసలు 40 లక్షలుగానే ఉందనుకున్నాం. నిజంలో ప్రతి నెలా కాస్త తగ్గుతుంది. కాబట్టి రోజుల సంఖ్య చూడకుండా తప్పు పట్టకండి. రెండు పూర్తి నెలలు గడిచాక కూడా పాత రేటు ప్రకారమే వడ్డీ పడుతుంటే అప్పుడు నిజంగా ఏదో తేడా ఉన్నట్టు.

నాలుగో గేటు: ఈఎంఐ తగ్గించుకోవాలా, కాలం తగ్గించుకోవాలా?

అసలైన డబ్బు ఇక్కడే ఉంది. రేటు 8.50 నుంచి 8.00కి వచ్చాక మీ ముందు రెండు దారులు.

ఈఎంఐ తగ్గించుకుంటే 34,713 కాస్తా 33,458 అవుతుంది. నెలకు 1,255 మిగులుతుంది. వాయిదాలు 240 అలాగే ఉంటాయి, మొత్తం కట్టేది 80.30 లక్షలు. పాత ఈఎంఐనే ఉంచితే వాయిదాలు 240 నుంచి 220కి దిగుతాయి, మొత్తం సుమారు 76.37 లక్షలు. అంటే నెలకు 1,255 రూపాయల వెసులుబాటు వదులుకుంటే ఇరవై వాయిదాలు, దాదాపు 3.9 లక్షలు మిగులుతాయి. రేటు ఆపైన మారదనుకుని వేసిన లెక్క ఇది. నిజంలో మారుతుంది, అయినా రెండు దారుల మధ్య తేడా దిశ మారదు.

ఇంత తేడా ఎందుకంటే, మొదటి ఏళ్లలో ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. 8.50 దగ్గర తొలి వాయిదాలో 28,333 వడ్డీ, అసలుకు పోయేది 6,380. అదే ఈఎంఐ కడుతూ రేటు 8.00 అయితే అసలుకు పోయేది 8,046. అసలు తరగడం ఒక్కసారిగా పాతిక శాతం పైన వేగం పుంజుకుంటుంది.

ఇంట్లో ఖర్చులు బిగుతుగా ఉంటే, ఇంకా ఎక్కువ వడ్డీ ఉన్న క్రెడిట్ కార్డు బాకీయో, పర్సనల్ లోనో ఉంటే ఈఎంఐ తగ్గించుకుని ఆ మిగులును అటు మళ్లించడమే తెలివైన పని. అలాంటివేమీ లేకపోతే పాత ఈఎంఐనే ఉంచుకోవడం మేలు. చాలా బ్యాంకులు రేటు తగ్గినప్పుడు అడగకుండానే ఈఎంఐ ఉంచి కాలం తగ్గిస్తాయి. కానీ అన్నీ అలా చేయవు. మీది ఏం చేసిందో స్టేట్‌మెంట్‌లో మిగిలిన వాయిదాల సంఖ్య చూస్తే తెలుస్తుంది.

మీ అంకెలతో మీరే వేసుకోవాలంటే ఎక్సెల్‌లోగానీ, గూగుల్ షీట్స్‌లోగానీ ఈ రెండు ఫార్ములాలు చాలు. మొదటిది కొత్త ఈఎంఐ, రెండోది పాత ఈఎంఐ ఉంచితే మిగిలే వాయిదాలు చెబుతుంది:

```
=PMT(8%/12, 240, -4000000)
=NPER(8%/12, -34713, 4000000)
```

మైనస్ గుర్తులు ఉన్నచోటే ఉండాలి. రెండో ఫార్ములాలో ఈఎంఐ ముందు మైనస్ వదిలేస్తే తప్పు అంకె వస్తుంది. అసలు అంకెగా తీసుకోవాల్సింది మొదట తీసుకున్న అప్పు కాదు, రీసెట్ రోజున మిగిలిన అసలు.

రేటు పెరిగినప్పుడు ఇదే లెక్క తిరగబడే తీరు

2022 మే 4న రిజర్వ్ బ్యాంకు షెడ్యూలులో లేని సమావేశం పెట్టి రెపోను 4.00 నుంచి 4.40కి పెంచింది. అక్కడి నుంచి 2023 ఫిబ్రవరి 8 నాటికి 6.50. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. అప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ కదపకుండా కాలం పొడిగించుకుంటూ పోయాయి. ఈఎంఐ మారలేదు కదా అని జనం నిశ్చింతగా ఉన్నారు.

40 లక్షలు, 20 ఏళ్లు, 6.75 శాతానికి ఈఎంఐ 30,415. ఏడాది కట్టాక అసలు 39.02 లక్షలు మిగులుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి పెంపు అంతా అప్పుడు ఒకేసారి వచ్చి రేటు 9.25 అయిందనుకుందాం. ఆ నెల వడ్డీ 30,078. ఈఎంఐలో అసలుకు పోయేది మూడు వందల చిల్లర. ఆ వేగంతో అప్పు తీరాలంటే దాదాపు 49 ఏళ్లు పడుతుంది. అప్పు ఇంకా కొత్తగా ఉండి అసలు 40 లక్షలే ఉండి ఉంటే, నెల వడ్డీ 30,833. ఈఎంఐ మొత్తం కట్టినా వడ్డీకే చాలదు, తగ్గిన 418 రూపాయలు అసలుకు తోడవుతుంది. కడుతున్నకొద్దీ అప్పు పెరుగుతుందన్నమాట. ముందనుకున్న 19 ఏళ్లలోనే తీరాలంటే ఈఎంఐ దాదాపు 36,400 కావాలి.

దీనికి అడ్డుకట్ట వేయడానికి రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు 18న ఒక సర్క్యులర్ ఇచ్చింది. బ్యాంకులకు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు అది వర్తిస్తుంది. రీసెట్ సమయంలో ఈఎంఐ పెంచాలా, కాలం పొడిగించాలా, రెండూ కొంత కొంత చేయాలా అన్నది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలి. కాలం పొడిగింపు వల్ల అసలు పెరిగే పరిస్థితి రాకూడదు. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ, మిగిలిన వాయిదాలు, వార్షిక వడ్డీ రేటు ఉండాలి. ఈ కాగితాన్నే ఎక్కువమంది తెరవరు. మీ ఫైలులో గత ఆరు స్టేట్‌మెంట్లు ఉంచుకుని వాయిదాల సంఖ్య ఒక్కటే పోల్చుకోండి. అది నెలకు ఒకటి చొప్పున తగ్గకపోతే ఏదో జరిగినట్టే. ఫిక్సెడ్ రేటుకు మారే వీలు కూడా అప్పట్లో ఇవ్వాలన్నారు గానీ, 2025 అక్టోబరు నుంచి అది బ్యాంకు ఇష్టం. ఎలాగూ ఆ రేటు ఫ్లోటింగ్ కన్నా ఎక్కువే ఉండేది, ఎక్కువమంది వాడుకోలేదు.

2022-23లో అలా కాలం పొడిగిపోయినవాళ్లు 2025లో వచ్చిన తగ్గింపును ఈఎంఐ తగ్గించుకోవడానికి అసలు వాడకూడదు. పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి తెచ్చుకోవడానికి దొరికిన దారి ఇదే. చేతిలో ఏకమొత్తం ఉంటే కొంత ముందే కట్టేయండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ గృహ రుణానికి ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. కట్టేటప్పుడు "కాలం తగ్గించండి" అని రాసి ఇవ్వండి, లేకపోతే సిస్టమ్ ఈఎంఐ తగ్గించే ప్రమాదం ఉంది.

లెక్క కుదరకపోతే

ముందు బ్యాంకుకు ఈమెయిల్ లేదా రసీదు తీసుకుని ఉత్తరం. అందులో నాలుగే ప్రశ్నలు ఉండాలి: నా అప్పు ప్రామాణికం ఏది, ఈ రోజు దాని విలువ ఎంత; నా స్ప్రెడ్ భాగాలు ఎంతెంత, అవి చివరిసారి ఎప్పుడు, ఎందుకు మారాయి; నా రీసెట్ తేదీలు ఏవి; గత రీసెట్‌లో ఈఎంఐ మారిందా, కాలం మారిందా. "వడ్డీ ఎందుకు ఎక్కువ?" అని ఊరికే అడిగితే అచ్చుపోసిన జవాబు వస్తుంది. ఈ నాలుగూ అడిగితే అంకెలతో చెప్పక తప్పదు.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. శాంక్షన్ లెటర్, రీసెట్‌కు ముందూ తర్వాతా స్టేట్‌మెంట్లు, బ్యాంకుకు రాసిన ఉత్తరం జతచేయాలి. రీసెట్ తేదీన రేటు మార్చకపోవడం, కారణం లేకుండా రిస్కు భాగం పెంచడం, అడిగినా కాలం గురించి ఎంపిక ఇవ్వకపోవడం లాంటివి అక్కడ నిలబడతాయి. కొత్త ఖాతాదారుకు తక్కువకిచ్చి మాకు ఎందుకివ్వరన్నది మాత్రం నిలబడదు. అది బ్యాంకు వ్యాపార నిర్ణయం కిందికి వస్తుంది, దాన్ని తేల్చుకోవాల్సింది బ్రాంచి మేనేజరు ఎదుట, ఇంకో బ్యాంకు ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకునే.